తలంబ్రాలు పోసిన చేతుల మాట

అనంతపురంలో బొటిక్‌లు నడుపుతున్న అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం.

కస్టమర్ మెచ్చుకుంటూ పెట్టిన మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టడం మనందరికీ అలవాటే. కానీ "సూపర్ అక్కా, థాంక్యూ" అన్న మాట చూసి కొత్తవాళ్లు ఖరీదైన గుడ్డ మన చేతిలో పెట్టరు. ధర్మవరం పట్టుచీర జాకెట్టు ముక్క ఒకసారి కత్తిరిస్తే మళ్లీ దొరకదు. వాళ్ల భయమంతా అక్కడే ఉంటుంది. ఆ భయానికి జవాబు చెప్పే మాట మన పోస్టులో ఉండాలి.

ఒక పెళ్లికూతురి సంగతి చెబుతాను. ఆమె కూడా మొదట "సూపర్" అనే పంపింది. "ఇంతకుముందు కుట్టించుకున్నవాటిలో ఏం ఇబ్బంది ఉండేదమ్మా? ఇందులో ఏం తేడా కనిపించింది?" అని అడిగాను. అప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టింది: "చెయ్యెత్తితే చాలు, చంక కాడ పట్టేసి జాకెట్టు పైకి లేచేదక్కా. ఈసారి తలంబ్రాలు ఎంత పైనుంచి పోసినా కదల్లేదు."

పోస్టుకు కావలసింది ఈ రెండు వాక్యాలే. "కాడ" అన్నదాన్ని "దగ్గర" అని కూడా దిద్దలేదు. మనం దిద్దితే అది మన ప్రకటనలాగా వినిపిస్తుంది. "రాయలసీమలోనే బెస్ట్" లాంటివి అసలు చేర్చకండి, ఆ ఒక్క ముక్కతో ఆమె మాట మీద కూడా నమ్మకం పోతుంది.

కింద మన వైపు నుంచి పని గురించి ఒక్క మాట చాలు. నేను ఇలా రాశాను: "చంక లోతు ఎక్కువైతే చెయ్యెత్తినప్పుడు జాకెట్టంతా పైకి లాగుతుంది. అందుకే చంక కటింగ్ పైకి ఉంచాం. ట్రయల్‌లో రెండు చేతులూ ఎత్తించి చూశాకే చివరి కుట్టు వేశాం. పక్కల్లో మార్జిన్ వదిలాం, రేపు ఒళ్లు చేసినా వదులు చేసుకోవచ్చు." చదివినవాళ్లకు అది అదృష్టం కొద్దీ కుదరలేదని, కుదిరేలా కుట్టారని తెలుస్తుంది.

ఫోటోకు, మాటలకు ఆమెను విడివిడిగా అడగండి. ఈమె మాటలకు సరేనంది, ముఖం వద్దంది. వెనకవైపు నుంచి, చేతులెత్తిన ఫోటో పెట్టాం. నిజానికి ఆ పోస్టుకు అదే సరైన ఫోటో. స్క్రీన్‌షాట్ పెడితే నంబరు, డీపీ తప్పకుండా చెరిపేయండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం ఆశ చూపొద్దు. గూగుల్ నిబంధనలు కూడా దానికి ఒప్పుకోవు.

ఇంకో జాగ్రత్త. ఆమె ట్రయల్‌కు వచ్చింది కాబట్టి అంత బాగా కుదిరింది. పాత జాకెట్టు ఆదికి పంపి, ట్రయల్‌కు రానివాళ్లకు అదే మాట ఇవ్వలేం. ఆ సంగతి పోస్టులోనే రాయండి.

పోస్టు పనిచేసిందా లేదా అన్నది లైకులు చెప్పవు. వచ్చే ఫోన్లు చెబుతాయి. "కుట్టుకూలి ఎంత?" అని మాత్రమే అడిగేవాళ్లు, "నాకూ చంక కాడ పట్టేస్తుంది, ట్రయల్‌కు ఎప్పుడు రావాలి?" అని అడగడం మొదలుపెడతారు.