ఏబీఎస్‌యా, పీబీటీయా? కీక్యాప్ కొనేముందు ఇంట్లోనే చేసే పరీక్షలు

అందరికీ నమస్కారం. ఈరోజు టేబుల్ మీద టంకం అవసరం లేకుండా కీల కింది స్విచ్‌లు తీసి మార్చుకోగలిగే ఒక హాట్‌స్వాప్ కీబోర్డూ, కీల మీద తొడిగే కీక్యాప్‌లు రెండు సెట్లూ ఉన్నాయి. ఒకటి ఏబీఎస్ ప్లాస్టిక్, ఇంకోటి పీబీటీ ప్లాస్టిక్. ఏది ఎక్కువ కాలం ఉంటుంది, ఏది ఎలా మోగుతుంది అన్నది చూద్దాం.

ముందు అరుగుదల. ఏడాది వాడిన ఏబీఎస్ సెట్లో ఈ, ఏ అక్షరాల కీలూ, స్పేస్ బారూ అద్దంలా మెరుస్తుంటాయి. చాలామంది అది వేళ్ల జిడ్డు అనుకుంటారు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. మెరుపు పోతే జిడ్డే. పోలేదంటే, పైనున్న సన్నటి గరుకు మీ వేళ్ల రాపిడికి నునుపైపోయినట్టు. అది తిరిగిరాదు. పీబీటీ ఈ రాపిడిని బాగా తట్టుకుంటుంది, కాబట్టి ఆ గరుకు చాలాకాలం నిలుస్తుంది. అదీ మెరుస్తుంది కానీ బాగా ఆలస్యంగా.

అక్షరం చెరగడం మాత్రం వేరే సంగతి. డబుల్‌షాట్ అంటే అక్షరాన్ని ఇంకో రంగు ప్లాస్టిక్‌తో పోతపోయడం, అది ఏబీఎస్‌లో అయినా చెరగదు. డై సబ్లిమేషన్‌లో రంగు వేడికి ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది. ఆ వేడికి పీబీటీ నిలబడుతుంది, ఏబీఎస్ వంగిపోతుంది. అందుకే డై సబ్ సెట్లు దాదాపు అన్నీ పీబీటీయే. పైన ప్రింట్ చేసిన అక్షరమైతే పీబీటీ మీద ఉన్నా పోతుంది. బాక్స్ మీద పీబీటీ అని చూసి ఆగిపోకండి, అక్షరం ఎలా వేశారో కూడా చదవండి.

బాక్స్ మీద రాసింది నిజమేనా? అర లీటరు నీళ్లలో వంద గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించండి. కీక్యాప్ వేసి, లోపల గాలిబుడగలు పోయేలా అటూ ఇటూ తిప్పండి. ఏబీఎస్ తేలుతుంది, పీబీటీ మునుగుతుంది. ఎందుకంటే ఏబీఎస్ సాంద్రత సుమారు 1.05, పీబీటీది 1.3, మన ఉప్పునీళ్లది ఈ రెండిటి మధ్యలో. ఒక్క జాగ్రత్త: డబుల్‌షాట్‌లో అక్షరానికి వేరే ప్లాస్టిక్ కలిసి ఉండొచ్చు, అప్పుడు ఫలితాన్ని గట్టిగా నమ్మలేం.

ఇప్పుడు శబ్దం. పీబీటీ లోతుగా, ఏబీఎస్ పలచగా మోగుతాయని అంటారు. నా లెక్కలో కీక్యాప్ గోడ మందం ప్రభావం అంతకంటే ఎక్కువ. ఒక మిల్లీమీటరు పీబీటీ కంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల ఏబీఎస్ నిండుగా వినిపించొచ్చు. ఒకే మందం ఉన్నవి పోల్చినప్పుడే ప్లాస్టిక్ తేడా తెలుస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికే హాట్‌స్వాప్ పనికొస్తుంది. ఎస్ మీద ఏబీఎస్ క్యాప్, పక్కనే డీ మీద పీబీటీ క్యాప్ పెట్టండి. రెండు సెట్ల ఆకారం ఒకటే అయితే, ఒకే వరుస కాబట్టి ఎత్తు సమానం. నొక్కి వినండి. ఇప్పుడు క్యాప్‌లు మాత్రం తారుమారు చేయండి. ఆ శబ్దం క్యాప్‌తో పాటు జరిగితే తేడా క్యాప్‌ది. అక్కడే ఉండిపోతే, రెండు స్విచ్‌లూ మార్చి చూడండి. శబ్దం స్విచ్‌తో వెళితే స్విచ్‌ది. అప్పటికీ కదలకపోతే అది స్విచ్‌లు కూర్చునే ప్లేటుదో, బయటి కేసుదో, కొత్త కీక్యాప్‌లు కొన్నా మారదు.

స్విచ్ మార్చేటప్పుడు ముందు యూఎస్‌బీ తీసేయండి. పుల్లర్‌తో పైనా కిందా ఉన్న క్లిప్పులు నొక్కి నిటారుగా లాగండి. పెట్టే ముందు రెండు రాగి పిన్నులూ నిటారుగా ఉన్నాయో లేదో చూడండి. పిన్ను సాకెట్లోకి దిగకుండా మడతపడితే ఆ కీ పనిచేయదు. అప్పుడు బలంగా నొక్కకండి. సాకెట్ లోపలి సర్క్యూట్ బోర్డుకి, అంటే పీసీబీకి, రెండు టంకాల మీదే నిలబడుతుంది, ఎక్కువ ఒత్తితే ఊడి, కింది రాగి పొరను కూడా లేపుతుంది. కుదిరితే కేసు విప్పి, సాకెట్ వెనక వేలు ఆనించి పెట్టండి. స్విచ్‌కు ఐదు కాళ్లుండి బోర్డు మూడింటిదైతే, పక్కనున్న రెండు ప్లాస్టిక్ కాళ్లు నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే చాలు.

అయినా కీ పలకకపోతే స్విచ్ తీసి, యూఎస్‌బీ పెట్టి, లోహపు ట్వీజర్‌తో సాకెట్ రెండు రంధ్రాలనూ ఒకేసారి తాకండి. అక్షరం పడితే బోర్డు బాగానే ఉంది, తప్పు పిన్నుది. పడకపోతే సాకెట్ టంకం చూడాలి.

పీబీటీ కొనేవాళ్లు స్పేస్ బార్ తప్పక చూడండి. పీబీటీ చల్లారేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది, పొడుగు ముక్క కాబట్టి స్పేస్ బార్ వంగే అవకాశం ఎక్కువ. అద్దం మీద బోర్లించి ఒక మూల నొక్కండి. ఎదుటి మూల లేస్తే వంపు ఉంది, పొడుగు కీని రెండు వైపులా నిలకడగా ఉంచే స్టెబిలైజర్ దగ్గర టిక్ టిక్ శబ్దం రావచ్చు. వెనక్కి పంపే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి.

నా తీర్పు: రోజూ ఎక్కువ టైప్ చేసేవాళ్లకి డై సబ్ పీబీటీ, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్నది. ముదురు కీక్యాప్ మీద తెల్ల అక్షరాలు కావాలంటే డబుల్‌షాట్ తీసుకోండి. ఎందుకంటే డై సబ్‌తో రంగు ముదరగలదే గానీ తేలికపడలేదు.