నెయ్యి కిలో ధర: ఎక్కడ అనుమానపడాలి

అందరికీ నమస్కారం. తిరుపతిలో నెయ్యి ధర గురించి మాట్లాడాలంటే పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. 2024లో లడ్డూ నెయ్యి గొడవ రేగినప్పుడు, కిలో 320 రూపాయలకు స్వచ్ఛమైన ఆవు నెయ్యి ఎలా వస్తుందని టీ అంగళ్లలో కూడా అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఎవరికి వాళ్లు లెక్క వేసుకుని తేల్చుకోవచ్చు.

ముందు సీసా మీద లీటరా, కిలోనా చూడండి. లీటరు నెయ్యి బరువు సుమారు 910 గ్రాములే. లీటరు 600 అంటే కిలో 660 పడుతుంది. ధరను 0.91తో భాగించాక గానీ రెండు డబ్బాలను పోల్చకూడదు.

ఇక అసలు లెక్క. చాలామంది పాలతో మొదలుపెడతారు. 4 శాతం వెన్న ఉన్న ఆవు పాలైతే కిలో నెయ్యికి దాదాపు 26 లీటర్లు కావాలి. లీటరు 36 చొప్పున 936 అయింది, కాబట్టి 650కి అమ్మేదంతా కల్తీనే అంటారు. కిలో రెండు వేలకు అమ్మేవాళ్లకు ఈ మాట చాలా ఇష్టం. కానీ ఇది తప్పు లెక్క. మీగడ తీశాక మిగిలిన పాలను డెయిరీ పారబోయదు. పాలపొడి చేసి అమ్ముకుంటుంది, పాలకు పెట్టిన డబ్బులో మంచి భాగం అక్కడే తిరిగొస్తుంది.

అందుకే పాలను వదిలి వెన్నతో లెక్క వేయండి. డెయిరీలు టోకున అమ్మే ఉప్పు లేని వెన్నలో కొవ్వు 82 శాతం దాకా ఉంటుంది, మిగతాది ఎక్కువగా నీరే. కాచేటప్పుడు నీరు ఆవిరవుతుంది, అడుగున గసి కొంచెం కొవ్వును పట్టుకుని ఉండిపోతుంది. కాబట్టి కిలో నెయ్యి చేతికి రావాలంటే కిలోంబావు వెన్న పెట్టాలి. టోకు వెన్న కిలో 450 ఉందనుకుందాం. 450ని 1.25తో గుణిస్తే 562. ఇందులో గ్యాసు, డబ్బా, రవాణా, అంగడివాడి లాభం ఏదీ కలవలేదు. అలాంటప్పుడు 400కి ఇస్తున్నాడంటే ఎవరో నష్టానికి అమ్ముతున్నారు, లేదా అందులో వెన్న కానిది ఉంది. నష్టానికి రోజూ అమ్మేవాడు ఉండడు. పాత స్టాకు వదిలించుకోవడమైతే డబ్బా మీద తేదీ చూస్తే తెలిసిపోతుంది.

వెన్న ధర మారినా ఈ కిలోంబావు లెక్క మారదు. అంగట్లో బ్రెడ్డుకు పూసుకునే ఉప్పు వెన్న ధర మాత్రం తీసుకోకండి, అది టోకు కంటే బాగా ఎక్కువ. పల్లె నుంచి వచ్చే వెన్నలో మజ్జిగ నీళ్లు ఎక్కువ ఉంటాయి, అక్కడ కిలోంబావు చాలదు.

కల్తీవాడి లెక్క కూడా చూడండి. 562 రూపాయల సరుకు 60 పాళ్లు, కిలో 130 పామాయిల్ 40 పాళ్లు కలిపితే కిలోకు 390 కూడా పడదు. దాన్ని 400కి అమ్మేవాడు మనకు తేలిగ్గా దొరుకుతాడు. అదే సరుకును 620కి అమ్మేవాడిని ధర పట్టివ్వదు. తక్కువ ధర అనుమానానికి కారణమే గానీ, ఎక్కువ ధర స్వచ్ఛతకు హామీ కాదు. అక్కడ ల్యాబే దిక్కు. అరచేతిలో కరిగించడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి ఇంటి పరీక్షలకు పామాయిల్, జంతు కొవ్వు దొరకవు.

మన ఊళ్లో ఇంకోటి ఉంది, దీపారాధన నెయ్యి. చౌకగా దొరుకుతుంది, డబ్బా మీద ఆవు బొమ్మ ఉంటుంది. తినడానికి కాదని ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వంటింట్లోకి తెచ్చుకుని కల్తీ అంటే ఎలా?

తేనె దగ్గర ఈ పద్ధతి అంత గట్టిగా నిలబడదు. లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగుతుంది, కాబట్టి లీటరు 500 అంటే కిలో 357 మాత్రమే. పెట్టెల్లో పెంచే ఈగల తేనె సీజన్లో టోకున నిజంగానే చౌకగా వస్తుంది. అందువల్ల తక్కువ ధర ఒక్కటే చూసి కల్తీ అనలేం. ధరను, చెప్పే పేరును కలిపి చూడాలి. చెట్లెక్కి, కొండ చరియలకు వేలాడి తీసే కొండ తేనెను పెట్టె తేనె ధరకు ఇస్తానంటే ఆ మాట నమ్మేది కాదు. బకెట్లో తేలే తేనెపట్టు ముక్క కూడా రుజువు కాదు, బెల్లం పాకంలో వేసినా అది అలాగే తేలుతుంది.

అనుమానం గట్టిగా ఉంటే 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, కొన్న మనిషే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతుంది: పరీక్షకు ఇస్తానని కొనేటప్పుడే అంగడివాడికి చెప్పాలి. ఇంటికెళ్లి సగం వాడి తెచ్చిన డబ్బా దీనికి పనికిరాదు. సీలు తీయకుండా, బిల్లుతో సహా ఉంచండి.