రెండు వందల కుర్చీలు, ఒక ఖాళీ కొబ్బరి కొట్టు

అందరికీ నమస్కారమండి. అంబాజీపేట, అయినవిల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. మీలో చాలామంది ఇళ్ళ వెనకాల కురిడీ కాయ నిలవపెట్టిన కొట్లు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. ఏదైనా కొని పడేసి అద్దెకిస్తే, పెద్దగా చాకిరీ లేకుండా నాలుగు డబ్బులొస్తాయా అని మీ ప్రశ్న. వస్తాయి. కాకపోతే ఏం కొంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ప్లాస్టిక్ కుర్చీలు, వంట సామాను గురించే ఎక్కువ చెబుతాను. మన నేలకి, మన గాలికి సరిపడేవి అవే.

షామియానా జోలికి మాత్రం వెళ్ళొద్దు. గుడ్డ చవకే, వేసేవాళ్ళే ఖరీదు. రాటలు పాతాలి, తాళ్ళు లాగాలి, అర్ధరాత్రి గాలివాన వస్తే యజమాని పరుగెత్తాలి. తడిసిన గుడ్డని మడిచి కొట్టులో పెడితే నాలుగు రోజుల్లో బూజు పట్టి నల్లమచ్చలు పడతాయి, అవి ఇక పోవు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: అడిగినవాడు తన ట్రక్కు ఆటోలో తనే వేసుకెళ్ళి, తనే తెచ్చి దింపగలిగిన వస్తువే అద్దెకివ్వాలి.

లెక్క చూద్దాం. కుర్చీ 500 రూపాయలు, రోజు అద్దె 8 రూపాయలు అనుకోండి. మీ ఊళ్ళో ధర వేరుగా ఉంటే ఆ అంకె వేసి చూసుకోండి. 200 కుర్చీలకి లక్ష పెట్టుబడి. అన్నీ ఒకేసారి వెళ్తే 1,600 వస్తుంది. ఏడాదిలో 30 సార్లు మొత్తం వెళ్ళి, ఇంకో 40 సార్లు యాభయ్యేసి చొప్పున వెళ్తే 48,000, పైన 16,000, మొత్తం 64,000. అందులో విరిగినవి, పోయినవి ఓ పది, దింపుడు కూలి, తుడవడానికి మనిషి ఖర్చు తీసేయండి. రెండేళ్ళకి అటూ ఇటూగా పెట్టుబడి చేతికొస్తుంది.

చాలామంది దెబ్బతినేది దీని తరవాత. మంచి ముహూర్తం రోజున ఒకే పూట నలుగురు వచ్చి అడుగుతారు. ముగ్గురిని వట్టి చేతులతో పంపించాక, అయ్యో ఇంకో 200 ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. ఆ రెండో 200 కుర్చీలు ఏడాదిలో ఎన్ని రోజులు బయటికెళ్తాయి? గట్టి ముహూర్తాల్లోనే. పన్నెండు రోజులనుకుంటే 19,200. లక్ష తిరిగి రావడానికి అయిదేళ్ళు దాటుతుంది, ఈలోగా ఎండ వాటి పని పట్టేస్తుంది. పక్క ఊరివాడి దగ్గర తెచ్చి ఇద్దామంటే, ఆ ముహూర్తం వాళ్ళ ఊళ్ళోనూ ఉంది కదా. కాబట్టి ఆ రోజున "లేవండి" అనడం నేర్చుకోవాలి. అలా అంటే బేరం పోతుందని భయపడొద్దు, వచ్చే ముహూర్తానికి వాళ్ళు ముందే అడ్వాన్సు ఇచ్చి వెళ్తారు.

డబ్బు నిజంగా నిలబెట్టేది పెళ్ళిళ్ళు కావండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు, మూఢం వస్తే నెలల తరబడి ఉండవు. కానీ దినకార్యాలకి ముహూర్తంతో పని లేదు. భాద్రపదంలో వినాయకుడి పందిరి దగ్గర అన్నసమారాధన, కార్తీకంలో వనభోజనాలు, డిసెంబరులో చర్చి కూడికలు, పుష్యంలో సంక్రాంతి తీర్థాలు. సంక్రాంతి మూడు రోజులూ ఇంకెక్కడికి కుర్చీలు వెళ్తాయో మీకు తెలుసు, నాతో చెప్పించకండి. అక్కడికి మాత్రం డిపాజిట్ రెట్టింపు తీసుకోండి, తిరిగొచ్చేసరికి సగం కుర్చీలకి కాళ్ళుండవు. ఇవన్నీ యాభై, అరవై కుర్చీల బేరాలు. పెద్ద ముహూర్తాల కోసం కాచుకుని వీటిని చిన్నచూపు చూసినవాడి కొట్టు ఎక్కువ రోజులు మూసే ఉంటుంది.

కుర్చీకి చాకిరీ తక్కువే, కానీ ఎండకి ఓర్చుకోలేదు. ఆరుబయట నెలల తరబడి ఉంటే ప్లాస్టిక్ లోపలి జిగి పోయి పెళుసుబారుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది చూడండి. వేలికి తెల్లటి పొడి అంటితే ఆ కుర్చీ ఇక ఇవ్వొద్దు. వెనక వాలుడు దగ్గర వంచితే తెల్లగీత పడి అది అలాగే ఉండిపోయినా అంతే. కుర్రాడు కూర్చుంటే ఏమీ కాదు, ఎనభై ఏళ్ళ మామ్మగారు కూర్చున్నప్పుడే కాలు విరుగుతుంది. కొత్తవి కొనేటప్పుడు కూడా పాత ప్లాస్టిక్ కరిగించి పోసిన చవక రకం ఇలాగే త్వరగా పోతుంది.

నిలవకి చోటు పెద్దగా అక్కర్లేదు. ఇరవై కుర్చీల దొంతర మనిషి ఎత్తు దాటుతుంది. పది దొంతర్లకి గదిలో ఒక మూల చాలు. ఇరవై కుర్చీల ఎత్తుకి ఒక వెదురు కర్ర కోసి గోడకి ఆనించండి. తిరిగొచ్చిన దొంతర పక్కన ఆ కర్ర పెడితే, ఒకటి తగ్గినా అప్పుడే తెలుస్తుంది. ఆ లెక్క తెచ్చినవాడి ఎదురుగానే చూసి సంతకం పెట్టించండి. రేపు చూద్దాంలే అన్నారో, ఆ కుర్చీ మీది కాదు. ఊళ్ళో మిగతా సప్లయర్ల కుర్చీలు ఏ రంగో కనుక్కుని వేరే రంగు కొనండి, అడుగున పేరు రాయించండి. ఒకే పందిట్లో ఇద్దరివీ కలిసిపోతే విడదీయడం ఎవరి తరం కాదు.

ఇక వంట సామాను. ఇత్తడి గుండిగలు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటికి కళాయి పెట్టించాలి, ఆ పనివాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. అల్యూమినియం డేగిశాలే మేలు. దీనికీ ఒక శత్రువుంది. పులుసు, ఉప్పు కలిసిన కూర రాత్రంతా అందులోనే ఉంటే లోపల చిన్నచిన్న గుంటలు పడతాయి, తరవాత అక్కడే అడుగంటుతుంది. అందుకే తోమకుండా తెస్తే ఇంత అని ముందే చెప్పి, చీటీలో రాయండి. చెంచాలు, గ్లాసులు పెట్టుకోకండి. ఒక్కొక్కటి లెక్కపెట్టడానికి పట్టే టైము దాని అద్దె కంటే ఖరీదు.

లంక గ్రామాలవాళ్ళకి ఇంకొక మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మీకు తెలుసు. 2022 జులైలో మూడోది కూడా దాటింది. కుర్చీ నీళ్ళలో పాడవదు, కొట్టుకుపోతుంది. మొదటి హెచ్చరిక వినగానే దొంతర్లకి నడుమున తాడు బిగించి స్తంభానికి కట్టండి. గ్యాస్ పొయ్యిలు, రెగ్యులేటర్లు, చీటీల పుస్తకం అటక మీదికి వెళ్ళాలి. ఆ రోజుల్లో డేగిశాలు పునరావాస శిబిరానికి వెళ్తాయి, అద్దె అడగలేం, అడక్కూడదు కూడా. దాన్ని ముందే ఖర్చులో రాసుకోండి.

కెమెరాల సంగతి ఒకాయన ఇందాకే అడిగారు. చిన్న వస్తువు, బీరువాలో పట్టేస్తుంది, నిజమే. కానీ మన తేమకి లెన్సు లోపల సాలెగూడు పోగుల్లా బూజు పాకుతుంది. లెన్సు మీది పూతని అది తినేశాక తుడిచినా మచ్చ పోదు. తేమ లాగే పెట్టె, సిలికా జెల్ పొట్లాలు, వాటిని ఎప్పటికప్పుడు మార్చడం, ఇదంతా రోజూ కనిపెట్టుకుని ఉండాల్సిన పని. పైగా కొత్త మోడల్ రాగానే పాతదాన్ని ఎవరూ అడగరు. పెళ్ళి వీడియోలు తీసే కుర్రాడు ఇంట్లో ఉంటే సరే, లేకపోతే వద్దు. డ్రిల్లు, బ్రేకర్ మిషన్ల గురించి నాకంటే రెండో వరసలో కూర్చున్న మేస్త్రిగారికి బాగా తెలుసు. నెలకి ఎన్నిసార్లు కార్బన్ బ్రష్షులు మారుస్తున్నారో ఆయన్నే అడగండి.