స్పాట్ ధర పడుతుంటే నాణెం ధర ఎందుకు పెరుగుతుంది?

[తెరపై రెండు గీతలు: స్పాట్ ధర కిందికి, స్పాట్ మీద నాణేనికి చెల్లించే అదనం పైకి]

2020 మార్చి 9న ఔన్సు బంగారం స్పాట్ ధర, అంటే టోకు మార్కెట్‌లో అప్పటికప్పుడు పలికే ధర, 1,680 డాలర్ల దగ్గర ఉంది. పది రోజులు తిరక్కుండానే 1,500 కిందికి జారిపోయింది. ధర ఇంత తగ్గింది కదా, ఇప్పుడు కొందాం అని జనం డీలర్ల వెబ్‌సైట్లు తెరిస్తే చాలా నాణేలకు ‘స్టాక్ లేదు’ అనే కనిపించింది. దొరికిన చోట స్పాట్ మీద అదనంగా అడిగే మొత్తం, అంటే ప్రీమియం, మామూలు రోజులకంటే బాగా పెరిగింది. డీలర్లు దోచుకుంటున్నారని చాలామంది కోప్పడ్డారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ అసలు కారణం డీలర్ కౌంటర్ దగ్గర లేదు, దానికి చాలా వెనకాల ఉంది.

ముందుగా, స్పాట్ ధర దేని ధరో చూద్దాం. అది మీ చేతిలో పట్టే నాణెం ధర కాదు. లండన్ టోకు మార్కెట్‌లో చేతులు మారేది సుమారు 400 ఔన్సుల కడ్డీ. అంటే దాదాపు పన్నెండున్నర కిలోలు. చాలాసార్లు ఆ కడ్డీ ఖజానాలోంచి కదలదు కూడా. ఖాతా పుస్తకంలో యజమాని పేరు మాత్రం మారుతుంది.

ఆ మార్చిలో ఈ టోకు మార్కెట్‌లో అమ్మకాలు వెల్లువెత్తాయి. షేర్లు కుప్పకూలుతుంటే పెద్ద ఫండ్లకు అర్జెంటుగా నగదు కావాల్సి వచ్చింది. అప్పుతో పెట్టిన పెట్టుబడులకు హామీగా ఇంకొంత డబ్బు, అంటే మార్జిన్, కట్టమని బ్రోకర్లు ఒత్తిడి చేస్తుంటే, వెంటనే అమ్ముడుపోయేదాన్ని అమ్మేశారు. బంగారం అలాంటిదే కాబట్టి స్పాట్ పడింది. అదే సమయంలో టెన్షన్ పడిన మామూలు మదుపరులు చేతిలో ఉండే బంగారం కోసం పరుగెత్తారు. అమ్మేవాళ్ల దగ్గర ఉన్నది కాగితం మీది బంగారం, పెద్ద కడ్డీలు. కొనేవాళ్లు అడుగుతున్నది ఒక ఔన్సు నాణెం. ఒకరి సరుకు ఇంకొకరికి నేరుగా పనికిరాదు.

[తెరపై: కడ్డీ నుంచి నాణెం దాకా దశలు ఒక్కొక్కటిగా]

పెద్ద కడ్డీ నాణెం కావాలంటే ముందు దాన్ని కరిగించాలి. కావాల్సిన స్వచ్ఛతకు తేవాలి. పోతపోసి, రోలర్ల మధ్య నడిపి, సరైన మందంలో పట్టీగా సాగదీయాలి. ఆ పట్టీలోంచి గుండ్రటి బిళ్లలు కొట్టాలి. బిళ్లల అంచు లేపి, వేడిచేసి మెత్తబరిచి, కడిగి, అప్పుడు ప్రెస్ కింద ముద్ర వేయాలి. తర్వాత తూకం, తనిఖీ. చిన్న బిస్కెట్లకైతే సీరియల్ నంబరు, సీలు వేసిన ప్యాకింగ్ కూడా ఉంటాయి. ఈ యంత్రాలు, ఈ పని తెలిసిన మనుషులు ప్రపంచంలో పరిమితం. మామూలు గిరాకీకి తగ్గట్టు పెట్టుకున్న సామర్థ్యం అది. గిరాకీ ఒక్క వారంలో ఎన్నో రెట్లయితే ప్రెస్సులు అంత వేగంగా పెరగవు. తాన్లకొద్దీ గుడ్డ ఉన్నా, దర్జీలు దొరక్కపోతే చొక్కాలకు కొరతే కదా.

అందుకే ప్రశాంతమైన రోజుల్లో కూడా ప్రీమియం ఉంటుంది. అమెరికా ప్రభుత్వ టంకశాల తన ఈగిల్ బంగారు నాణేలను అధీకృత టోకు కొనుగోలుదారులకు అమ్మేటప్పుడు, ఒక ఔన్సు నాణెం మీద చాలాకాలం 3 శాతం కలిపి తీసుకునేది. పదోవంతు ఔన్సు నాణెం మీద 9 శాతం. సైజు చిన్నదైనా కొట్టే పని దాదాపు అంతే కాబట్టి ఈ తేడా. దానిమీద రవాణా, బీమా, డీలర్ మార్జిన్ చేరతాయి. 2008 ఆగస్టులో గిరాకీ తట్టుకోలేక ఇదే టంకశాల ఈగిల్ బంగారు నాణేల అమ్మకం కొంతకాలం ఆపేసింది. తర్వాత ఒక్కొక్కరికి ఇంతే అని కోటా పెట్టి ఇచ్చింది.

2020లో దెబ్బ ఇంకా లోతుగా తగిలింది. స్విట్జర్లాండ్‌లో ఇటలీ సరిహద్దును ఆనుకున్న టిచీనో ప్రాంతంలో వాల్కాంబి, పాంప్, ఆర్గోర్-హెరియస్ అనే బంగారం శుద్ధిచేసే మూడు పెద్ద రిఫైనరీలు ఉన్నాయి. కోవిడ్ వల్ల మార్చి 23న స్థానిక ప్రభుత్వ ఆదేశంతో మూడూ ఆగిపోయాయి. పైగా బంగారం ఎక్కువగా ప్రయాణికుల విమానాల సరుకు అరల్లోనే దేశాలు దాటుతుంది. ఆ విమానాలూ రద్దయ్యాయి. బంగారం ఉంది, కానీ కావాల్సిన రూపంలో, కావాల్సిన చోట లేదు.

దీనికి రుజువు మర్నాడే కనిపించింది. మార్చి 24న న్యూయార్క్ ఫ్యూచర్స్ ధర, అంటే రాబోయే ఒక తేదీన బంగారం అప్పగించేలా ఇవాళే కుదుర్చుకునే కాంట్రాక్టు ధర, లండన్ స్పాట్‌కంటే ఔన్సుకు 70 డాలర్ల దాకా పైకి పోయింది. మామూలుగా ఈ తేడా కొద్ది డాలర్లే. న్యూయార్క్‌లో ఆ కాంట్రాక్టుకు 100 ఔన్సుల కడ్డీలు గానీ, కిలో కడ్డీలు గానీ అప్పగించాలి. లండన్‌లో ఉన్నవి 400 ఔన్సులవి. మధ్యలో వాటిని మార్చే రిఫైనరీలు మూతపడ్డాయి.

ఇది డీలర్‌ను ఎలా కొడుతుందో చాలామంది గమనించరు. డీలర్ సాధారణంగా ధర మీద పందెం కాయడు. తన దగ్గరున్న నాణేలకు సమానంగా ఫ్యూచర్స్ అమ్మిపెట్టుకుంటాడు. ధర పడితే నాణేల మీద పోయింది ఫ్యూచర్స్‌లో వస్తుంది. కానీ స్పాట్ కదలకుండా ఫ్యూచర్స్ ఒక్కటే 70 డాలర్లు ఎగబాకితే? నాణేల విలువ అక్కడే ఉంటుంది, ఫ్యూచర్స్‌లో ఔన్సుకు 70 డాలర్ల నష్టం కనిపిస్తుంది, దానికి ఆ రోజే నగదు కట్టాలి. ఇవాళ అమ్మిన నాణెం స్థానంలో కొత్తది ఎప్పుడొస్తుందో, ఎంతకొస్తుందో తెలియదు. అప్పుడు డీలర్‌కు రెండే దారులు: అమ్మకం ఆపడం, లేదా ఆ భయమంతా ప్రీమియంలో కలపడం.

[తెరపై: లెక్క]

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి ఒక ఊహా లెక్క. స్పాట్ 1,480 ఉన్నప్పుడు 10 శాతం ప్రీమియంతో నాణెం కొన్నారనుకుందాం. చెల్లించింది 1,628 డాలర్లు. కొన్నాళ్లకు స్పాట్ 1,600కు చేరింది, ఎనిమిది శాతానికి పైగా పెరిగింది. కానీ కొరత తీరి, డీలర్ తిరిగి కొనే ధర స్పాట్ మీద 1 శాతానికి వచ్చింది. చేతికొచ్చేది 1,616. బంగారం పెరిగినా 12 డాలర్లు పోయాయి. అదే నాణేన్ని 4 శాతం ప్రీమియంతో 1,539కి కొని ఉంటే దాదాపు 77 డాలర్లు మిగిలేవి. అంటే కొరత రోజుల్లో మీరు బంగారంతోపాటు ఇంకోటి కూడా కొంటున్నారు: కొరత. రిఫైనరీలు తెరుచుకున్నాక దాని విలువ కరిగిపోతుంది.

అయితే ప్రీమియం వెంటనే దిగదు. టిచీనో రిఫైనరీలు ఏప్రిల్ మొదట్లో తక్కువ సామర్థ్యంతో మళ్లీ మొదలయ్యాయి. పేరుకుపోయిన ఆర్డర్లు తీరాకే కొత్తవాళ్లకు సరుకు వస్తుంది.

మరి ఎదురుగా ఉన్న ప్రీమియం నిజమైన కొరత వల్లనా, కాదా? డీలర్ అమ్మే ధర చూడటం ఆపి, అతను మీ దగ్గర ఎంతకు కొంటాడో అడగండి. స్పాట్‌కంటే బాగా ఎక్కువిచ్చి కొంటున్నాడంటే అతనికి నాణేలు నిజంగా దొరకడం లేదు. అమ్మే ధర మాత్రం ఎగిరి, కొనే ధర స్పాట్ దగ్గరే ఉండిపోతే, ఆ అదనంలో ఎక్కువ భాగం డీలర్ తన రిస్కుకో లాభానికో వేసుకున్నదే. ఆ తర్వాత కిలో కడ్డీ ప్రీమియం చూడండి. చిన్న నాణేలకే పెరిగి కిలో కడ్డీ మామూలుగా ఉంటే ఇబ్బంది ముద్ర వేసే దగ్గర. కిలో కడ్డీ కూడా పెరిగితే రిఫైనరీలోనో, రవాణాలోనో చిక్కుంది. అలాంటప్పుడు, నాలుగు వారాల్లో పంపిస్తామని డబ్బు ముందే తీసుకునే ధరనూ, ఇప్పుడే చేతికిచ్చే ధరనూ ఒకే గాటన కట్టకండి.