రూపాయల్లో చెల్లించినా డాలర్లలోనే ధర

సంధాత: శ్రోతలకు నమస్కారం. ఒక చమురు సంస్థలో విదేశీ మారకద్రవ్య వ్యవహారాలు చూసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఈరోజు మనతో ఉన్నారు. సార్, అంతర్జాతీయ విపణిలో ముడిచమురు ధర తగ్గినా మన బంకుల్లో ఎందుకు తగ్గదని అడిగితే, అందరూ పన్నుల వైపే వేలు చూపిస్తారు. పన్నులను పక్కన పెట్టి చూస్తే ఇంకా ఏం మిగులుతుంది?

అతిథి: పన్నుల పాత్రను నేను కాదననమ్మా. కానీ పన్ను పడకముందే, ఓడ మన రేవుకు చేరేసరికే జరిగిపోయే సంగతి ఒకటుంది. 2008 జూలైలో బ్రెంట్ ముడిచమురు పీపా సుమారు 147 డాలర్ల దాకా ఎగబాకింది. అప్పట్లో డాలరు 43 రూపాయల దగ్గర ఉంది. పీపాకు 159 లీటర్లు కాబట్టి, లీటరు ముడిచమురు మనకు దాదాపు 40 రూపాయలు పడింది. అదే 2013 ఆగస్టు చివర పీపా 115 డాలర్ల చుట్టూ ఉంటే, డాలరు 68 రూపాయలైంది. లెక్క కడితే లీటరు 49 రూపాయలు. అంటే డాలర్లలో ఐదో వంతుకు పైగా చవకైన సరుకు, రూపాయల్లో దాదాపు నాలుగో వంతు ప్రియమైంది. అమెరికా వాహనదారుడికి చమురు ధర ఒక్కటే హెచ్చుతగ్గులవుతుంది. మనకు చమురు ధరతో పాటు డాలరు ధర కూడా మారుతుంది. పైగా చమురు ప్రియమైనప్పుడు దిగుమతిదారులు మరిన్ని డాలర్ల కోసం ఎగబడతారు కాబట్టి, ఆ రెండు దెబ్బలూ తరచుగా కలిసే వస్తాయి.

సంధాత: అసలు డాలరే ఎందుకు? 1974లో సౌదీ అరేబియాతో అమెరికా చేసుకున్న 50 ఏళ్ల ఒప్పందం వల్లనేననీ, దాని గడువు 2024 జూన్‌తో తీరిపోయిందనీ ఆ మధ్య వాట్సాప్ నిండా సందేశాలు తిరిగాయి.

అతిథి: అలా గడువు పెట్టిన ఒప్పందం ఏదీ లేదు. 1974 జూన్‌లో ఆ రెండు దేశాలూ ఆర్థిక సహకారానికి ఒక సంయుక్త సంఘాన్ని ఏర్పాటు చేసుకున్న మాట నిజం. చమురు మీద వచ్చిన ఆదాయాన్ని సౌదీలు అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెట్టేలా విడిగా ఏర్పాటు జరిగిన మాటా నిజం. అయితే డాలర్లలో ధర కట్టే అలవాటు అంతకు చాలా ముందునుంచే ఉంది, ఎందుకంటే ఆ వ్యాపారాన్ని నడిపించిన పెద్ద కంపెనీలలో ఎక్కువ అమెరికావే. ఇవాళ దాన్ని నిలబెడుతున్నది ఒప్పందం కాదు, ధర కట్టే పద్ధతి. సౌదీ చమురును ఆసియాకు అమ్మేటప్పుడు కాంట్రాక్టులో ఫలానా ధర అని రాయరు. ఒమన్, దుబాయ్ రకాల సగటు ధరకు ఇంత ఎక్కువనో తక్కువనో నెలనెలా ప్రకటిస్తారు. ఆ సగటు డాలర్లలో ఉంటుంది. ధర మారిపోతుందన్న భయానికి రక్షణగా, రేపటి ధరను ఇవాళే ఖాయం చేసుకోవడానికి వాడే ఫ్యూచర్లలో అత్యధిక భాగం డాలర్లలోనే ఉంటాయి. అమ్మినవాడు మిగులు సొమ్ము దాచుకోవడానికి అంత లోతైన బాండ్ల విపణి మరో కరెన్సీకి లేదు. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పుడు, ఒక్క దేశం విడిగా బయటికి వస్తే దానికే ఖర్చు పెరుగుతుంది.

సంధాత: కానీ మనం రూపాయల్లో కూడా చమురు కొన్నాం కదా సార్?

అతిథి: కొన్నాం. 2023 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ సంస్థ అబుదాబి జాతీయ చమురు సంస్థ దగ్గర పది లక్షల పీపాలు కొని రూపాయల్లో చెల్లించింది. పత్రికలవాళ్లు కూడా తరచుగా కలిపేసే తేడా ఇక్కడే ఉంది. ధర ఏ కరెన్సీలో కడతారన్నది ఒకటి, సొమ్ము ఏ కరెన్సీలో చేతులు మారుతుందన్నది మరొకటి. ధర డాలర్లలోనే తేలి, దాన్ని ఆనాటి మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి చెల్లిస్తే, ఆ పూట బజారులో డాలర్లు వెతుక్కోవలసిన అవసరం తప్పుతుంది. అది చిన్న లాభమేమీ కాదు. కానీ రూపాయి పడిపోతే బిల్లు పెరగడం మాత్రం ఆగదు. అబుదాబి వాళ్ల కరెన్సీ అయిన దిర్హమ్‌ల్లో చెల్లించినా తేడా ఉండదు, ఎందుకంటే 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌లన్న రేటు స్థిరంగా ఉంది. ఇక అమ్మినవాడి ఇబ్బంది వేరు. రష్యాకు మన బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయని, వాటిని వాడుకోవాలంటే వేరే కరెన్సీలోకి మార్చాల్సి ఉంటుందని, 2023 మే నెలలో గోవాకు వచ్చిన ఆ దేశ విదేశాంగ మంత్రి లావ్‌రోవ్ బాహాటంగానే చెప్పారు. మన దగ్గర వాళ్లు కొనేది తక్కువైనప్పుడు ఆ రూపాయలతో ఏం చేసుకుంటారు?

సంధాత: 2013 ఆగస్టులో మీ విభాగంలో పరిస్థితి ఎలా ఉండేది?

అతిథి: సాధారణంగా ఓడలో సరుకు ఎక్కించిన నాటి నుంచి 30 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆ గడువు రూపాయి కోసం ఆగదు. ప్రభుత్వ రంగ చమురు సంస్థలు మూడింటికీ కలిపి పనిదినానికి సుమారు 40 నుంచి 50 కోట్ల డాలర్లు కావలసి వచ్చేవి. ఆ సంగతి విపణిలో అందరికీ తెలుసు. పొద్దున్నే మా బ్యాంకు ఫోను చేసి రేటు అడిగితే చాలు, చమురు కంపెనీలు దిగాయంటూ డాలరు ఇంకాస్త పెరిగేది. రేపు ఇంకా పెరుగుతుందేమోనని ఇవాళే కొనేస్తే, ఆ కొనుగోలే రేటును పెంచేది. 28వ తేదీన రూపాయి 68 దాటి పడిపోయాక, ఆ రాత్రే రిజర్వు బ్యాంకు ఈ మూడు సంస్థలకు ప్రత్యేక స్వాప్ గవాక్షం తెరిచింది. ఒక బ్యాంకు ద్వారా తన నిల్వల్లోంచి మాకు డాలర్లిచ్చి, నిర్ణీత గడువుకు వాటిని తిరిగి ఇచ్చేలా అప్పుడే ఒప్పందం రాయించుకునేది. గమనించండి, మా అవసరం తీరిపోలేదు, వాయిదా పడిందంతే. అయినా ఆ గండ సమయంలో బజారు మీద ఒత్తిడి తగ్గడం వల్ల మేలు జరిగింది. ప్రవాస భారతీయుల డిపాజిట్లకు ఇచ్చిన రాయితీ కూడా తోడై, అక్టోబరుకల్లా రూపాయి 62 దగ్గరికి తిరిగి వచ్చింది.

సంధాత: మరి మన గడ్డ మీదే దొరికే ఇంధనానికి ఈ బెడద ఉండదనుకోవచ్చా?

అతిథి: అనుకోకూడదమ్మా. నా దృష్టిలో జనానికి అంతగా తెలియని ముఖ్యమైన సంగతి ఇదే. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ డీ-6 క్షేత్రం నుంచి 2009లో సహజవాయువు రావడం మొదలైంది. పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు ధర 4.2 డాలర్లని ప్రభుత్వం ఆమోదించింది. ఆ అంకె 2014 అక్టోబరు దాకా మారలేదు. కానీ 2011 మధ్యలో డాలరు 45 రూపాయలున్నప్పుడు అది 189 రూపాయలు, 2013 ఆగస్టు చివర దాదాపు 286 రూపాయలు. మన సముద్రంలో తీసి ఆంధ్రాలోనే కాల్చిన వాయువు, ధర పెంచుతున్నామని ఎవరూ ఒక్క మాట అనకుండానే, సగానికి సగం ప్రియమైంది.

సంధాత: మన దగ్గర తీసినదానికి రూపాయల్లో ధర కట్టడానికి అడ్డేమిటి?

అతిథి: తవ్వేవాళ్లు రిగ్గులకూ సాంకేతిక సేవలకూ డాలర్లలోనే చెల్లిస్తారు, అప్పులూ చాలావరకు డాలర్లలోనే తెస్తారు. రూపాయల్లో ధర ఖాయం చేస్తే మారకపు నష్టం వాళ్ల నెత్తిన పడుతుంది, అప్పుడు పెట్టుబడికి వెనకాడతారు. డాలర్లలో కడితే అదే నష్టం వాయువు కొనే విద్యుత్ కేంద్రానికో ఎరువుల కర్మాగారానికో బదిలీ అవుతుంది. యూరియా విషయంలో రైతు కట్టే ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి, ఆ తేడా చివరికి కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పద్దులో తేలుతుంది. 2023 ఏప్రిల్‌లో పాత క్షేత్రాల వాయువు ధరను మనం దిగుమతి చేసుకునే ముడిచమురు సగటు ధరలో పది శాతంగా నిర్ణయించినప్పుడు కూడా, కనీస ధరను 4 డాలర్లుగా, గరిష్ఠ ధరను మొదట 6.5 డాలర్లుగా రాశారే తప్ప రూపాయల్లో రాయలేదు.