పక్క బ్యాంకు ఏటీఎంలో మూడే ఉచితం

బెంగళూరులో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఖాతా నంద్యాలలోనో నెల్లూరులోనో ఉంటుంది. ఊరి ఖాతా కాబట్టి నెలకు ఐదుసార్లు ఉచితమని ధీమాగా ఉంటారు. అక్కడే పొరపాటు. లెక్క చూసేది మీ బ్రాంచి ఎక్కడుందని కాదు, మిషన్ ఎక్కడుందని. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ, కోల్‌కతాల్లో వేరే బ్యాంకు మిషన్‌లో నెలకు మూడు, మిగతా చోట్ల ఐదు. సొంత బ్యాంకు మిషన్లలో ఐదు విడిగా ఉంటాయి. కొన్ని జీతం ఖాతాలకు బ్యాంకులే ఇంకా ఎక్కువ ఇస్తాయి, అది మీ బ్యాంకును అడగండి.

పరిమితి ఎందుకంటారా? మీరు పక్క బ్యాంకు మిషన్‌లో డబ్బు తీసిన ప్రతిసారీ మీ బ్యాంకు ఆ మిషన్ పెట్టినవాళ్లకు ఇంటర్‌చేంజ్ రుసుము కట్టాలి. 2025 మే 1 నుంచి అది డబ్బు తీస్తే 19 రూపాయలు, బ్యాలెన్స్ చూస్తే 7 రూపాయలు, పైన జీఎస్టీ. ఉచితమన్నది మీకే, మీ బ్యాంకుకు కాదు. ఉచితాలు దాటాక మీ దగ్గర 23 రూపాయల దాకా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు అదే తేదీ నుంచి అనుమతిచ్చింది. 18 శాతం జీఎస్టీ కలిపితే 27 రూపాయల 14 పైసలు.

ఇప్పుడు మారతహళ్లిలో ఉండే ఒకాయన నెల చూద్దాం. ఒకటో తారీఖున జీతం పడిందో లేదోనని దగ్గరున్న వేరే బ్యాంకు మిషన్‌లో బ్యాలెన్స్ చూశాడు. ఒకటి అయిపోయింది. అవును, పక్క మిషన్‌లో బ్యాలెన్స్ చూసినా, మినీ స్టేట్‌మెంట్ తీసినా లెక్కలోకే వస్తుంది. ఐదో తారీఖున అద్దెకు 15,000 కావాలి. పక్క బ్యాంకు మిషన్లు చాలావరకు ఒకసారికి 10,000 మించి ఇవ్వవు కాబట్టి రెండుసార్లు తీశాడు. మూడూ ఖర్చు. తర్వాత రెండుసార్లు ఐదేసి వందలు తీసినందుకు 54 రూపాయల 28 పైసలు పోయాయి. వెయ్యి రూపాయలు తీయడానికి అంత కట్టడం నా లెక్కన దండగ.

ఆయనే బ్యాలెన్స్ ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లో చూసుకుని, ఐదో తారీఖున 10,000, ఆ వెంటనే 6,000 తీసి ఉంటే అద్దె పోను వెయ్యి చేతిలో ఉండేది. రెండే వాడినట్టు, మూడోది అత్యవసరానికి మిగిలేది. ఆఫీసు దారిలో సొంత బ్యాంకు మిషన్ ఉంటే ఈ మూడింటినీ అసలు ముట్టుకోనక్కర్లేదు.

మిషన్‌లో నోట్లు లేకపోయినా, సాంకేతిక లోపం వచ్చినా, పిన్ తప్పు కొట్టినా ఆ ప్రయత్నాన్ని ఉచితాల్లోంచి తీసేయకూడదని 2019లో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. ఖాతాలో డబ్బు చాలక ఆగిపోతే సంగతి వేరు, చాలా బ్యాంకులు దానికి విడిగా వడ్డిస్తాయి. అందుకే తీసేముందు యాప్‌లో చూసుకోండి.

ఖాతాలో డబ్బు తగ్గి, చేతికి నోట్లు రాకపోతే స్లిప్పు దాచుకుని, మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే ఫిర్యాదు చేయండి. మిషన్ ఉన్న బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు. లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో డబ్బు వెనక్కి పడాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి.