వీలునామా లేని టీచరమ్మ ఇల్లు ఎవరికి? – స్టూడియో చర్చ

(ఒడిశాలోని రాయగడ స్టూడియోలో జరిగిన చర్చ. మాటలు జరిగినట్టే ఉంచాం, పేర్లు తీసేశాం.)

మోడరేటర్: నమస్కారం. మన జిల్లాలో ఒక రిటైర్డ్ టీచరమ్మ చనిపోయారు. భర్త ముందే పోయారు, పిల్లలు లేరు. చివరి రోజుల్లో మంచం దగ్గర ఉండి చూసుకున్నది ఆమె తమ్ముడి కూతురు. ఇప్పుడు మరిది వచ్చి ఇంటికి తాళం వేశారు. సేవ చేసిన పిల్లకి హక్కు లేదా? అదే ఈ రోజు ప్రశ్న. లాయర్ గారు, మీరు మొదలుపెట్టండి.

లాయర్: ఆమె వీలునామా రాశారా లేదా అన్నది ముందు చూడాలండి. నోట్‌బుక్‌లో తెలుగులో ఒక పేజీ దొరికింది. "నా ఇల్లు మేనకోడలికి" అని రాసి సంతకం పెట్టారు. కింద పక్కింటాయన ఒక్కరి సంతకమే ఉంది.

రిటైర్డ్ ఆర్.ఐ.: అది చెల్లదు! నేను ముప్పై ఏళ్లు రెవెన్యూలో పనిచేశాను. రిజిస్టర్ కాని కాగితం...

లాయర్: చెల్లదు నిజమే, కానీ మీరు చెప్పే కారణం వల్ల కాదండి. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. రాసినవారు సంతకం పెట్టడం చూసినవాళ్లయినా కావాలి, "ఇది నా సంతకమే" అని వారి నోట విన్నవాళ్లయినా కావాలి. ఆ ఇద్దరూ రాసినవారి ఎదుటే సంతకం చేయాలి. ఇక్కడ రెండో సాక్షి లేడు.

రిటైర్డ్ ఆర్.ఐ.: నేనూ అదే అంటున్నాను కదమ్మా, చెల్లదు అని. చెల్లదంటే చెల్లదు.

మోడరేటర్: కానీ ఆ అమ్మాయి చేసిన సేవ...

లాయర్: సేవను చట్టం లెక్కలోకి తీసుకోదు. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం వరసలు చెబుతుంది. ఆడవాళ్లకి అది 15వ సెక్షన్‌లో ఉంది. ముందు పిల్లలు, భర్త. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులు. ఆమె అమ్మానాన్నల వంతు ఆ తర్వాతే.

సహోద్యోగి టీచర్: అంటే తన జీతంతో కట్టుకున్న ఇల్లు కూడానా? ఆవిడ ఇంటి లోన్ కడుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మరిది ఒక్క పైసా ఇవ్వలేదు.

లాయర్: ఆ ఇల్లు కూడా అంతే. ఆమెకి మూడు ఆస్తులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో దారి పడుతుంది. తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన పొలం తండ్రి వారసులకి వెళ్తుంది. అమ్మ లేరు, వేరే తోబుట్టువులు లేరు కాబట్టి తమ్ముడికే. భర్త నుంచి వచ్చిన ఇంటి స్థలం భర్త వారసులకి, అంటే మరిదికి. ఇక జీతంతో కట్టుకున్న ఇల్లు...

రిటైర్డ్ ఆర్.ఐ.: అదీ మరిదికే! అత్తమామలు లేరు, ఆయన తప్ప తోబుట్టువులు లేరు. తహసీల్ ఆఫీసులో రికార్డు మార్చేటప్పుడు మేము చూసేది వరసే. ఎవరు అన్నం పెట్టారు, ఎవరు మందులు తెచ్చారు అని అడగం.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

సహోద్యోగి టీచర్: ఇది అన్యాయం కాదా?

లాయర్: అన్యాయమే. 2009లో సుప్రీంకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. పెళ్లైన మూడు నెలలకే భర్త పాము కరిచి పోయాడు. అత్తవారు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఆమె ఉద్యోగం చేసింది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. ఆమె సంపాదించుకున్నది భర్త సోదరి కొడుకులకి పోయింది. సానుభూతి చూసి చట్టాన్ని మార్చి చదవలేమని కోర్టు చెప్పింది.

మోడరేటర్: పుట్టింటివాళ్లు అంత చేసినా? నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే, సేవకి విలువ...

సహోద్యోగి టీచర్: బ్యాంకులో ఎఫ్‌డీకి నామినీగా ఆ పిల్ల పేరే రాశారు. అదైనా ఆమెదే కదా?

లాయర్: బ్యాంకు డబ్బు ఆమె చేతికే ఇస్తుంది. అంతవరకే. బ్యాంకు ఎవరికి ఇస్తే దాని బాధ్యత తీరుతుందో చెప్పేదే నామినేషన్. డబ్బు మాత్రం వారసులది. మరిది కోర్టుకి వెళ్తే ఆ పిల్ల తిరిగి ఇవ్వాల్సి రావచ్చు.

రిటైర్డ్ ఆర్.ఐ.: అందుకే నేను చెప్పేది వినండి. వీలునామా వద్దు. దానపత్రం రాయించండి! రిజిస్ట్రేషన్ చేయించండి, పని ఐపోయింది. వీలునామా అంటే కోర్టు, సాక్షులు, ఫోర్జరీ అని కేసు. ఎన్ని చూశాను నేను!

లాయర్: సార్, దానపత్రం రాసి ఇచ్చేస్తే ఇల్లు ఆ రోజే పోతుంది. మామూలుగా వెనక్కి తీసుకోలేరు. రేపు ఆ పిల్లతో గొడవైతే ఆవిడ ఎక్కడ ఉంటారు? వీలునామా అయితే చనిపోయాకే అమల్లోకి వస్తుంది. బతికున్నంతకాలం ఇల్లు తనదే. అమ్ముకోవచ్చు, వీలునామాని మార్చుకోవచ్చు. ఎన్ని రాసినా చివరిదే...

రిటైర్డ్ ఆర్.ఐ.: మార్చుకోవచ్చు అనే దాంట్లోనే ఉంది గొడవంతా! ఈ రోజు ఒకరికి, రేపు ఇంకొకరికి. దానపత్రం అయితే పక్కా.

మోడరేటర్: ఒక ఫోన్ కాల్. చెప్పండి బాబూ.

కాలర్: పర్లాకిమిడి నుంచండి. మా అమ్మకి ఒడియా రాదు. తెలుగులో వీలునామా రాస్తే ఇక్కడ రిజిస్టర్ చేస్తారా?

లాయర్: ఏ భాషలో రాసినా వీలునామా చెల్లుతుంది. ఆ భాష సబ్‌రిజిస్ట్రార్‌కి అర్థం కాక, జిల్లాలో మామూలుగా వాడనిదీ అయితే సరైన అనువాదం జత చేయమంటారు. ఒడియాలో రాయిస్తే మాత్రం అమ్మకి చదివి వినిపించి, అర్థమైందని అందులోనే రాయించండి. రేపు "ఆమెకి ఏం రాశారో తెలీదు" అని ఎవరైనా అంటారు.

కాలర్: మా ఊళ్లో సవరవాళ్లకి కూడా ఇదే వరసా అండి?

లాయర్: లేదండి. కేంద్రం వేరుగా నోటిఫై చేస్తే తప్ప ఈ 1956 చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. వాళ్లది వాళ్ల ఆచారం...

రిటైర్డ్ ఆర్.ఐ.: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వాళ్ల భూమి బయటివాళ్లకి అమ్మడానికి కూడా లేదు, దానికి వేరే 1956 రెగ్యులేషన్ ఉంది. కొరాపుట్‌లో నేను...

మోడరేటర్: సార్, అది ఇంకో రోజు. మళ్లీ టీచరమ్మ దగ్గరకి వద్దాం. సేవ చేసిన మేనకోడలికి ఇప్పుడు ఏ దారీ లేదా?

లాయర్: మరిది ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. పొలం ఆ పిల్ల తండ్రికి, అంటే టీచరమ్మ తమ్ముడికి వస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇల్లు మాత్రం కష్టం. ఆ పేజీ మీద రెండో సంతకం ఉండి ఉంటే...

సహోద్యోగి టీచర్: ఆ రోజు నన్ను పిలిచి ఉంటే నేను పెట్టేదాన్ని. ఎదురింట్లోనే ఉన్నాను.

లాయర్: మీరే సరైన సాక్షి అయ్యేవారు. ఆస్తిలో వాటా లేనివాళ్లు, రాసినవారికంటే చిన్నవాళ్లు, రేపు కోర్టుకి వచ్చి చెప్పగలిగినవాళ్లు అయితే మంచిది. సాక్షి బతికుంటే కనీసం ఒకరైనా వచ్చి...

రిటైర్డ్ ఆర్.ఐ.: చూశారా, మళ్లీ కోర్టే! దానపత్రానికి ఈ తంటా ఉందా?

లాయర్: దానపత్రానికీ ఇద్దరు సాక్షులు కావాలి సార్.

రిటైర్డ్ ఆర్.ఐ.: కావాలి, కానీ ఇచ్చినావిడ ఎదురుగా ఉంటుంది! చనిపోయినావిడని ఎవరు అడుగుతారు? ప్రేక్షకులు నా మాట వినండి, బతికుండగానే...

మోడరేటర్: అంటే సేవ చేసినవాళ్లకి బతికుండగానే ఇచ్చేయమంటారు, ఆర్.ఐ. గారు?

రిటైర్డ్ ఆర్.ఐ.: అంతే! ఇచ్చేయాలి.

లాయర్: ఇచ్చేశాక రోడ్డున పడ్డ ముసలివాళ్ల కేసులు నా దగ్గర...

మోడరేటర్: టైమ్ అయిపోయింది మేడమ్. ఆర్.ఐ. గారు, ఆఖరి మాట మీదే.

రిటైర్డ్ ఆర్.ఐ.: దానపత్రం, రిజిస్ట్రేషన్. వెంటనే రికార్డు కూడా మార్పించుకోండి.

లాయర్: కనీసం ఉన్నంతకాలం నివసించే హక్కు నాదే అని అందులో రాయించుకోండి, లేకపోతే...

(ఇక్కడ ప్రసారం ఆగింది.)